హాలు నిండగానే కార్డ్‌లెస్ మైకు ఎందుకు తడబడుతుంది?

కార్డ్‌లెస్ మైకులో మాటను పట్టే భాగం కింద ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. అది మాటను ఒక ఫ్రీక్వెన్సీ మీద ఎక్కించి గాల్లోకి పంపుతుంది. అదే ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉన్న రిసీవర్ దాన్ని అందుకుని, మాటను మళ్లీ విడదీసి మిక్సర్‌కు ఇస్తుంది. ఈ ట్రాన్స్‌మిటర్ బలం చాలా తక్కువ. ఫంక్షన్ హాళ్లలో వాడే యూహెచ్‌ఎఫ్ మైకులు సాధారణంగా 10 నుంచి 50 మిల్లీవాట్ల శక్తితో పనిచేస్తాయి. ముందు వరుసలో కూర్చున్న అతిథి జేబులోని సెల్‌ఫోన్ అవసరమైతే 200 మిల్లీవాట్ల దాకా పంపగలదు.

మైకు సిగ్నల్ ఎంత బలంగా అందుతోందనేది ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉన్న మిగతా రేడియో రొద కన్నా అది ఎంత పైన ఉందన్నదే అసలు లెక్క. సంతలో పక్కమనిషి మాట వినపడాలంటే ఆయన గొంతైనా పెరగాలి, చుట్టూ గోలైనా తగ్గాలి. మైకు పట్టుతప్పినప్పుడు కూడా ఈ రెండింట్లో ఒకటి దెబ్బతిందన్నమాట. మైకు నుంచి వచ్చే సిగ్నల్ పడిపోయి ఉంటుంది, లేదా అదే చోటికి ఇంకేదో సిగ్నల్ వచ్చి చేరి ఉంటుంది. రెండింటికీ మందులు వేరు. ఏది జరిగిందో తేల్చుకోకుండా బ్యాటరీ మార్చడం, మైకును తట్టి చూడటం వల్ల కార్యక్రమం ఆగుతుందే తప్ప జబ్బు తేలదు.

జబ్బు చెవికి ఎలా తెలుస్తుందో చూస్తే సగం పని అయినట్టే. పాత తరహా అనలాగ్ మైకులో సిగ్నల్ బలహీనపడుతుంటే ముందు సన్నని బుస మొదలవుతుంది, తర్వాత ‘ఫట్ ఫట్’మంటూ చప్పుళ్లు వస్తాయి, చివరికి మాట పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం రిసీవర్ కావాలనే చేసే పని. సిగ్నల్ ఒక హద్దు కన్నా తగ్గితే గోలను స్పీకర్లలోకి వదలకుండా నోరు మూసే ఏర్పాటు ప్రతి రిసీవర్‌లోనూ ఉంటుంది, దాన్నే స్క్వెల్చ్ అంటారు. డిజిటల్ మైకుల్లో ఈ ముందస్తు హెచ్చరిక ఉండదు. చివరి క్షణం దాకా మాట అద్దంలా వినిపించి, ఒక్కసారిగా తెగిపోతుంది. వేరే సిగ్నల్ వచ్చి పడితే లక్షణాలు మరోలా ఉంటాయి: ఈలలు, కిచకిచలు, గరగరలు, ఒక్కోసారి పక్క హాల్లో జరిగే ఫంక్షన్ తాలూకు పాట. ఎఫ్ఎం పద్ధతిలో రెండు సిగ్నళ్లు ఒకే చోట ఉంటే బలమైనది రెండోదాన్ని అణచివేస్తుంది. అందుకే పురోహితుడు మంత్రం చదువుతుంటే పై అంతస్తులోని యాంకర్ గొంతు స్పష్టంగా వినిపించిన సందర్భాలు ఉంటాయి.

ముందు సిగ్నల్ ఎందుకు పడిపోతుందో చూడాలి. దూరం మొదటి కారణం. మైకు నుంచి రిసీవర్‌కు దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. 3 మీటర్ల దూరంలో ఎంత అందుతుందో, 30 మీటర్ల దూరంలో అందులో నూరో వంతే అందుతుంది. ఇది మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి లెక్క. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే. ఉప్పు కలిసిన ఆ నీరు ఈ ఫ్రీక్వెన్సీలను బాగా పీల్చుకుంటుంది. వేదికకూ రిసీవర్‌కూ మధ్య ఐదువందల మంది నిలబడి అక్షింతలు వేస్తుంటే, మధ్యాహ్నం ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా పలికిన మైకు సాయంత్రం ముహూర్తం వేళకు మొరాయించడంలో వింత లేదు.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు కూడా ఇక్కడే. సౌండ్ ఆపరేటర్ మిక్సర్‌తో హాలు చివర కూర్చుంటాడు, రిసీవర్లనూ తన టేబుల్ మీదే పెట్టుకుంటాడు. కళ్లముందు మీటర్లు కనిపిస్తాయి, చేతికి అందుతాయి, కాబట్టి అది సుఖంగానే ఉంటుంది. కానీ బలహీనమైన రేడియో సిగ్నల్‌ను జనం మీదుగా 30 మీటర్లు ఈదించి, ఆ తర్వాత మీటరు తీగలో మిక్సర్‌కు పంపడం తలకిందుల ఏర్పాటు. రిసీవర్లను వేదిక పక్కన పెట్టి, బయటికి వచ్చే ఆడియోను మైక్ కేబుల్‌తో మిక్సర్ దాకా లాగితే చాలు. ఆడియో కేబుల్‌కు 30 మీటర్లు లెక్కే కాదు. రిసీవర్ వెనకే ఉండాల్సి వస్తే యాంటెన్నాలను మాత్రమైనా ముందుకు తేవచ్చు, కానీ అప్పుడు కేబుల్ నాణ్యత చూసుకోవాలి. సన్నని యాంటెన్నా కేబుల్‌లో సుమారు పది మీటర్లకే సగం సిగ్నల్ కరిగిపోతుంది. యాంటెన్నా ఎక్కడున్నా సరే, జనం తలల కన్నా ఎత్తులో ఉండాలి. స్టాండు మీద రెండు, రెండున్నర మీటర్ల ఎత్తుకు లేపితే మైకుకూ యాంటెన్నాకూ మధ్య తలలు అడ్డురావు. రిసీవర్‌ను ఇనుప ర్యాక్‌లోకి నెట్టి, యాంటెన్నాలను వెనకవైపు వదిలేసే అలవాటు ఎంత ఖరీదైన సెట్టునైనా పాడుచేస్తుంది.

మైకు పట్టుకునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. చేతిమైకుల్లో చాలావాటికి యాంటెన్నా అడుగుభాగంలో ఉంటుంది. పాట మధ్యలో చేతిని కిందికి జార్చి అడుగును గుప్పిట్లో బిగించే గాయకుడు తెలియకుండానే యాంటెన్నాను మూసేస్తాడు. కాలర్ మైకు విషయంలో నడుముకు తగిలించే ప్యాక్ నుంచి ఒక మెత్తని తీగ వేలాడుతుంది, అదే యాంటెన్నా. అందంగా కనపడదని దాన్ని చుట్టి, చెమటపట్టిన ఒంటికి ఆనేలా పంచె ముడిలోనో చీర కుచ్చిళ్లలోనో కుక్కేస్తారు. ఆ ఒక్క పనితో సిగ్నల్ పదో వంతుకు పడిపోవచ్చు. తీగ నిటారుగా, ఒంటికి కొంచెం ఎడంగా వేలాడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, వేదిక మీద ఒక అడుగు పక్కకు వేస్తే మైకు తెగిపోయి, వెనక్కి వస్తే మళ్లీ పలికే చోట్లు ఉంటాయి. మైకు నుంచి బయలుదేరిన తరంగం రిసీవర్‌ను నేరుగా ఒకసారి, గోడలనూ ఇనుప ట్రస్సులనూ తాకి తిరిగి ఇంకొన్నిసార్లు చేరుతుంది. 600 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక తరంగం పొడవు 50 సెంటీమీటర్లు. తాకి వచ్చిన తరంగం నేరుగా వచ్చినదాని కన్నా పాతిక సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణం చేసిందంటే, ఒకదాని శిఖరం మీద రెండోదాని లోయ పడి రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ సిగ్నల్ ఉన్నట్టుండి అట్టడుక్కి పడిపోతుంది. అది జానెడు జాగాలో జరిగే వ్యవహారం. అందుకే మంచి రిసీవర్లకు రెండు యాంటెన్నాలుంటాయి. ఒకటి అలాంటి గుంటలో పడినప్పుడు రెండోది బయట ఉంటుందన్న ఆశతో రిసీవర్ బలంగా ఉన్నదానికి మారుతుంది. రెండింటి మధ్య కనీసం తరంగం పొడవులో నాలుగో వంతు, అంటే 12, 13 సెంటీమీటర్లైనా ఎడం ఉండాలి. ఒక మీటరు ఎడం ఉంటే ఇంకా మంచిది. రెండు యాంటెన్నాలనూ ఒకే స్టాండుకు జడలా కట్టేస్తే రెండోది ఉన్నా లేనట్టే.

ఇక రెండో కారణం, బయటి నుంచి వచ్చే సిగ్నళ్లు. యూహెచ్‌ఎఫ్ బ్యాండు మైకుల సొంత ఆస్తి కాదు. 470 మెగాహెర్ట్జ్ నుంచి పైకి టీవీ ఛానళ్లకు కేటాయించిన జాగా ఉంది. ఒక్కో ఛానల్ వెడల్పు 8 మెగాహెర్ట్జ్. దూరదర్శన్ పాత అనలాగ్ టవర్లు చాలావరకు మూతపడ్డాయి కాబట్టి ఈ జాగాలో మునుపటి కన్నా ఖాళీ పెరిగింది. కొన్ని నగరాల్లో డిజిటల్ ప్రసారాలు ఉన్నాయి కనుక ఊరు మారితే ఖాళీలు మారతాయి. విజయవాడలో పనిచేసిన ఫ్రీక్వెన్సీ హైదరాబాద్‌లో పనిచేస్తుందని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు.

ఇంకా పైకి వెళితే సెల్‌ఫోన్ల రాజ్యం. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును దేశమంతటా ఒక కంపెనీ కొనుక్కుంది. ఈ బ్యాండులో 703 నుంచి 748 దాకా ఫోన్లు టవర్‌కు పంపే దారి, 758 నుంచి 803 దాకా టవర్ ఫోన్లకు పంపే దారి. మైకు ఆపరేటర్‌ను బోల్తా కొట్టించేది ఇందులో మొదటి సగం. టవర్ ఎప్పుడూ పంపుతూనే ఉంటుంది కాబట్టి 758 పైన ఉన్న రద్దీ మధ్యాహ్నం చూసినా కనిపిస్తుంది. ఫోన్లు పంపే దారి అలా కాదు. హాల్లో మనుషులు లేనంతసేపూ అది నిర్మానుష్యంగా, ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. సాయంత్రం వెయ్యి మంది వచ్చి వీడియోలు పంపడం మొదలుపెట్టాక నిండిపోతుంది. పాత సెట్లలో 740 చుట్టుపక్కల పనిచేసేవి ఉంటాయి. వాటిని పరీక్షించిన వేళ బాగానే పలికాయంటే దాని అర్థం ఇంకా అతిథులు రాలేదనే.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చే పాత సెట్లకూ ఇలాంటి కథే ఉంది. అక్కడ 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో మైకుల వాడకాన్ని 2010 జూన్‌లో నిషేధించారు. 600 బ్యాండును ఫోన్ కంపెనీలకు వేలం వేశాక, అందులో చాలా భాగాన్ని 2020 జూలై నుంచి మైకులకు మూసేశారు. ఆ తర్వాత అక్కడ వాడకూడని సరుకు సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరుకుతుంది. అక్కడి తెలుగు సంఘాల ఉత్సవాలకు మైకులు సమకూర్చేవాళ్లకు ఇది చట్టం సమస్య. ఇక్కడికి తెచ్చుకున్నవాళ్లకు 700 బ్యాండు సెట్టయితే ఫోన్ల సమస్య.

భారత్‌లో ఎవరి అనుమతీ లేకుండా వాడుకోగల 865–868 మెగాహెర్ట్జ్ జాగా ఒకటుంది. చట్టం దృష్టిలో ఇది నిశ్చింత. సాంకేతికంగా మాత్రం ఇరుకిల్లు. మొత్తం 3 మెగాహెర్ట్జ్ మాత్రమే, పైగా అందులోనే ఫాస్టాగ్ రీడర్లు, రకరకాల సెన్సర్లు పనిచేస్తాయి. గేటు దగ్గర ఫాస్టాగ్‌తో పార్కింగ్ నడిపే కన్వెన్షన్ సెంటర్‌లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దానికి ఆనుకునే 869 నుంచి సెల్ టవర్లు మొదలవుతాయి. రెండు మూడు మైకులకైతే ఈ జాగా సరిపోతుంది, పది మైకులకు సరిపోదు. మిగతా బ్యాండుల్లో అనుమతుల వ్యవహారం కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం చూస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే చవక డిజిటల్ మైకులు వైఫైతో జాగా పంచుకుంటాయి. ఇంటర్వ్యూకో యూట్యూబ్ వీడియోకో అవి చాలా నయం. రెండువందల ఫోన్లు హాట్‌స్పాట్ తెరిచే హాల్లో వాటి మీద పెళ్లి నడపడం మాత్రం సాహసమే.

వేదిక మీదే ఉండి, ఎవరూ అనుమానించని శత్రువు ఎల్‌ఈడీ గోడ. దాని వెనక ఉండే పదుల కొద్దీ పవర్ సప్లయిలూ డేటా కేబుళ్లూ యూహెచ్‌ఎఫ్ అంతటా సన్నని రొదను చిమ్ముతాయి. అది ఒక ఫ్రీక్వెన్సీ మీద పడే దెబ్బ కాదు, మొత్తం నేల మట్టాన్నే పైకి లేపుతుంది. ఫ్రీక్వెన్సీ మార్చినా పెద్ద ఫలితం ఉండదు. యాంటెన్నాను గోడకు దూరంగా జరపడం, ఒకే దిక్కు చూసే ప్యాడిల్ యాంటెన్నా అయితే దాని వీపు గోడ వైపు, ముఖం మైకుల వైపు ఉండేలా తిప్పడం పనిచేసే మార్గాలు.

ఇంతకన్నా విచిత్రమైనది సొంత మైకులు ఒకదానికొకటి చేసుకునే ద్రోహం. రెండు మైకులు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాని సిగ్నల్ రెండోదాని యాంటెన్నా గుండా లోపలి ట్రాన్స్‌మిటర్‌లోకి చొరబడుతుంది. అక్కడ రెండూ కలిసి, ఎవరూ పంపని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. చాలా దగ్గరి నుంచి వచ్చే బలమైన సిగ్నళ్లు రిసీవర్‌లోకి పోటెత్తినా ఇదే జరుగుతుంది. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. ఈ పుట్టుకకు ఖచ్చితమైన లెక్క ఉంది. అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి రెండు రకాలు: ఒక ఫ్రీక్వెన్సీని రెట్టించి అందులోంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చేది, రెండు ఫ్రీక్వెన్సీలను కూడి మూడోదాన్ని తీసేస్తే వచ్చేది. 520, 521 మెగాహెర్ట్జ్ మైకులు రెండు పక్కపక్కన ఉంటే 2×521 − 520 = 522 దగ్గరా, 2×520 − 521 = 519 దగ్గరా రెండు దయ్యాలు లేస్తాయి. మైకుల సంఖ్యతో ఈ దయ్యాలు ఎలా పెరుగుతాయో చూస్తే గుండె గుభేలుమంటుంది. నాలుగు మైకులకు 24, ఎనిమిదింటికి 224.

ముచ్చటగా ఉందని నాలుగు మైకులనూ సమాన దూరంలో 520, 521, 522, 523 అని పెట్టుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మొదటి రెండూ కలిసి 522 మీద, రెండోదీ మూడోదీ కలిసి ఒకవైపు 523 మీద, మరోవైపు 520 మీద, మూడోదీ నాలుగోదీ కలిసి 521 మీద దాడి చేస్తాయి. నాలుగింటికీ మిగతావాటి నుంచే ముప్పు. ఇంత చక్కగా అమర్చిన ఫ్రీక్వెన్సీల కన్నా చెడ్డ అమరిక దొరకడం కష్టం. కాబట్టి మైకుల మధ్య దూరాలు ఒకదానికొకటి సరిపోలకూడదన్నది మొదటి సూత్రం. పక్కపక్క మైకుల మధ్యే కాదు, ఏ రెండింటిని తీసుకున్నా వాటి మధ్య దూరం మరే రెండింటి మధ్యా మళ్లీ కనిపించకూడదు.

ఈ సూత్రంతో ఒక రిసెప్షన్‌కు ఫ్రీక్వెన్సీలు ఎంచుకోవడం ఎలాగో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. యాంకర్‌కు ఒక చేతిమైకు, గాయకులకు రెండు, పురోహితుడికి ఒక కాలర్ మైకు, అదనంగా ఒక స్పేర్ కావాలి. దగ్గరున్న సెట్లు 518 నుంచి 542 మెగాహెర్ట్జ్ దాకా ట్యూన్ అవుతాయనుకుందాం. అంటే 27, 28, 29 నంబర్ల టీవీ ఛానళ్ల జాగా. మొదటి పని స్కాన్. చాలా రిసీవర్లలోనే ఈ సౌకర్యం ఉంటుంది. లేకపోతే టైనీఎస్‌ఏ లాంటి అరచేతిలో పట్టే చవక స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్నా చాలు. స్కాన్ చేసేటప్పుడు సొంత మైకులన్నీ ఆపి ఉంచాలి. ఎల్‌ఈడీ గోడ, లైట్లు, వీడియో పరికరాలు మాత్రం కార్యక్రమంలో ఎలా నడుస్తాయో అలాగే నడుస్తూ ఉండాలి. యాంటెన్నాలు వాటి అసలు చోట్లోనే ఉండాలి. గోడ ఆపి చేసిన స్కాన్ వేరే హాలు స్కాన్ లాంటిదే.

తెర మీద కనిపించే గీతను చదవడం కష్టమేమీ కాదు. ఎడమ నుంచి కుడికి ఫ్రీక్వెన్సీ, కింది నుంచి పైకి బలం. ఈ ఉదాహరణలో 526 నుంచి 534 దాకా గీత ఒక్కసారిగా లేచి, బల్లలా చదునుగా సాగి, మళ్లీ నిటారుగా దిగుతుంది. అది డిజిటల్ టీవీ ఛానల్. దాని జాగాలో మైకు పెట్టే ఆలోచనే వద్దు. 537.2 దగ్గర సూదిలా ఒక సన్నని ముల్లు కనిపిస్తుంది, ఒకసారి ఉంటుంది, ఒకసారి మాయమవుతుంది. అది పై అంతస్తు హాల్లో ఎవరో మైకును ఆన్, ఆఫ్ చేస్తున్నట్టు లెక్క. ఇలాంటివి కనిపించినప్పుడు మెట్లెక్కి వెళ్లి అక్కడి ఆపరేటర్‌తో ఫ్రీక్వెన్సీలు పంచుకోవడం అన్ని సాఫ్ట్‌వేర్ల కన్నా మేలైన పని. ఎందుకంటే సాయంత్రం ఆయన ఇంకెన్ని మైకులు తెరుస్తాడో స్కాన్‌లో కనిపించదు. 518 నుంచి 526 దాకా గీత అడుగున నిశ్చలంగా ఉంది. ఐదు మైకులకూ ఆ ఒక్క ఛానల్ జాగా చాలు.

ఎఫ్ఎం మైకు ఒక్కోటి దాదాపు 0.2 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది కాబట్టి, రెండు మైకుల మధ్య కనీసం 0.4 ఎడం పెట్టుకోవడం క్షేమం. ఇప్పుడు 520.0, 520.4, 521.6, 523.6, 524.4 అని పెడితే వాటి మధ్య దూరాలు వరుసగా 0.4, 1.2, 2.0, 0.8 అవుతాయి. పక్కవాటినే కాక ఏ జంటను తీసుకున్నా ఒకే దూరం రెండుసార్లు రాదు. పైన చెప్పిన రెండు రకాల దయ్యాల్లో ఏదీ ఈ ఐదింటిలో దేని మీదా పడదు, దగ్గరకు వచ్చినా 0.4 ఎడంలోనే ఆగిపోతుంది. 524.4 మైకుకూ 526 దగ్గర మొదలయ్యే టీవీ ఛానల్‌కూ మధ్య కూడా తగినంత జాగా మిగిలింది. ఈ అమరికలో విలువైనవి అంకెలు కాదు, మధ్యనున్న దూరాలు. మరో ఊళ్లో 518–526 నిండి, 534–542 ఖాళీగా ఉంటే ఐదింటికీ 16 కలిపి జరుపుకోవచ్చు, దూరాలు చెడవు.

మైకుల సంఖ్య ఆరేడు దాటితే చేత్తో లెక్క వేయడం వృథా ప్రయాస. షూర్ సంస్థ ఉచితంగా ఇచ్చే వైర్‌లెస్ వర్క్‌బెంచ్ లాంటి సాఫ్ట్‌వేర్లు స్కాన్ ఫలితాన్నీ ఈ లెక్కనూ కలిపి ఫ్రీక్వెన్సీలు ఇస్తాయి. చిన్న సెట్లలోనైతే కంపెనీవాళ్లే ఈ లెక్క ముందుగా వేసి గ్రూపులుగా ఇచ్చేస్తారు. గ్రూపు 1, ఛానల్ 3 అని రిసీవర్ తెర మీద కనిపించేది అదే. ఒకే గ్రూపులోని ఛానళ్లు ఒకదానితో ఒకటి తగాదా పడకుండా ఎంచినవి. కాబట్టి మైకులన్నీ ఒకే గ్రూపులో ఉండాలి. ఒకటి గ్రూపు 1లో, ఇంకొకటి గ్రూపు 4లో పెడితే కంపెనీ చేసిన లెక్కంతా బూడిదలో పోసినట్టే. అద్దెకు తెచ్చిన మరో కంపెనీ సెట్టును కలిపినా అంతే, దానికి ఈ గ్రూపుల సంగతి తెలియదు. ఒకే స్థిర ఫ్రీక్వెన్సీతో వచ్చే చవక సెట్లను రెండు మూడు జతచేసేవాళ్లు అవి ఏ అంకె మీద ఉన్నాయో వెనక స్టిక్కర్ మీద చూసి, పై లెక్కలో పెట్టుకోవాలి.

ఫ్రీక్వెన్సీలు పెట్టాక అసలైన పరీక్ష మిగిలి ఉంటుంది. ఐదు మైకులనూ ఆన్ చేసి, కార్యక్రమంలో ఉండే చోట్లలో, ఒకదానికొకటి కనీసం ఒక మీటరు దూరంలో పెట్టాలి. ఆన్ చేసిన మైకులన్నీ ఒక బల్ల మీద కుప్పగా పోస్తే ఎంత మంచి అమరికలోనైనా లేని దయ్యాలు కనిపిస్తాయి. ఇప్పుడు ఒక్క మైకును ఆపి, దాని రిసీవర్ మీద సిగ్నల్ దీపాలు చూడాలి. ఆ ట్రాన్స్‌మిటర్ ఆగిపోయింది కాబట్టి దీపాలన్నీ ఆరిపోవాలి. రెండు మూడు గీతలు ఇంకా వెలుగుతూ ఉంటే, ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎవరో ఉన్నారు. ఆ ఎవరో బయటివాళ్లా, సొంత మైకులా అన్నది తేల్చడానికి మిగతా నాలుగింటినీ ఒక్కొక్కటిగా ఆపుతూ అవే దీపాలను చూస్తుండాలి. ఏదో ఒక మైకు ఆపగానే ఆరితే అది ఇంటర్‌మాడ్యులేషన్. అన్నీ ఆపినా వెలుగుతుంటే బయటి సిగ్నల్. ఎల్‌ఈడీ గోడ ఆపగానే తగ్గితే దొంగ దొరికినట్టే. ఇలా ఐదు మైకులకూ చేయడానికి పది నిమిషాలు పట్టదు, అయినా ఎక్కువమంది ఎగ్గొట్టే పరీక్ష ఇదే.

దీపాలు ఆరిన తర్వాతే నడక పరీక్షకు అర్థం ఉంటుంది. ఒకరు మైకులో మాట్లాడుతూ వేదిక మూలల్లో, మెట్ల మీద, వధూవరులు నడిచే దారిలో, ఎవరైనా నడవబోయే ప్రతి చోటా తిరగాలి. ఇంకొకరు దీపాలు చూడాలి. నడిచే మనిషి కొన్నిచోట్ల కావాలనే యాంటెన్నా వైపు వీపు తిప్పి నిలబడాలి. ఖాళీ హాల్లో ఒకే గీతతో నెట్టుకొస్తున్న చోటు జనంతో నిండాక తెగిపోవడం దాదాపు ఖాయం. అక్కడ యాంటెన్నా జరపాలి, లేదా ఆ చోటుకు మైకు వెళ్లకుండా చూసుకోవాలి. స్క్వెల్చ్ హద్దును పెంచి సమస్యను కప్పిపుచ్చే చిట్కా ఒకటి వాడుకలో ఉంది. దానితో గోల లోపలికి రాదు, నిజమే. కానీ మైకు పనిచేసే దూరం కూడా దానితోపాటే తగ్గిపోతుంది.

కార్యక్రమం నడుస్తుండగా తన వంతు అయిపోయిన యాంకర్ బ్యాటరీ దండగని మైకును ఆపేస్తుంది. సొంత ట్రాన్స్‌మిటర్ మౌనం వహించిన ఆ రిసీవర్ అప్పుడు ఏ సిగ్నల్ వచ్చినా అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, ఫేడర్ పైన ఉంటే అది నేరుగా స్పీకర్లలోకి వెళుతుంది. మైకుతోపాటు ఒక గుర్తు స్వరాన్ని పంపి, అది వినపడితేనే నోరు తెరిచే రిసీవర్లలో ఈ ప్రమాదం తక్కువ. అది లేని సెట్లలో మైకును ఆన్‌లోనే ఉంచి మిక్సర్‌లో మ్యూట్ చేయడమే పద్ధతి. కార్యక్రమానికి ముందు కొత్త బ్యాటరీలు వేయడానికి అయ్యే ఖర్చు ఇందులో కలిసే ఉంది. స్పేర్ మైకును మాత్రం ఆపే ఉంచాలి. దాని ఫ్రీక్వెన్సీ, ఉదాహరణలోని 524.4, లెక్కలో ముందే చేరింది కాబట్టి, ఏ మైకు మొరాయించినా దాన్ని ఆన్ చేసి చేతికిచ్చి, ఆ ఫేడర్ ఎత్తితే చాలు. జనం ముందు నిలబడి కొత్త ఫ్రీక్వెన్సీ వెతకనక్కర్లేదు.